రీలోడ్‌లో ఎవరి వెంట ఎవరు నడవాలి: చెయ్యి మ్యాగజైన్ వెంటా, మ్యాగజైన్ చెయ్యి వెంటా?

వంటగ్యాస్ సిలిండర్‌కు రెగ్యులేటర్ బిగించేటప్పుడు మన చెయ్యి చేసే పనిని ఒకసారి గమనించండి. రెగ్యులేటర్ గాలిలో ఉన్నంతసేపూ అది చేతి మాట వింటుంది, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. వాల్వు మీద ఆనిన క్షణం నుంచి మాత్రం పెత్తనం వాల్వుది. అది ఏ దారిలో దిగనిస్తే రెగ్యులేటర్ ఆ దారిలోనే దిగుతుంది, చెయ్యి దాని వెంట పోతుంది. తుపాకీ రీలోడ్ యానిమేషన్‌లో ఎడమ చెయ్యికీ, తూటాలు నింపే పెట్టె అయిన మ్యాగజైన్‌కీ మధ్య ఉన్న సంబంధం సరిగ్గా ఇదే. ఈ పనికి ఏ పద్ధతి ఎంచుకోవాలన్న ప్రశ్నను సాంకేతికంగా కాక, ఏ క్షణంలో పెత్తనం ఎవరిది అన్న ప్రశ్నగా అడిగితే జవాబు త్వరగా దొరుకుతుందని బెంగళూరులో ఒక చిన్న గేమ్ బృందంలో పనిచేస్తూ నేను తెలుసుకున్నాను. ఆ బృందంలో సగానికి పైగా తెలుగువాళ్లమే. ఇక్కడ చెప్పేదంతా అన్‌రియల్ ఇంజిన్‌లో, దాని మానెక్విన్ అస్థిపంజరంతో చేసిన పనికి సంబంధించినది.

మన ముందున్న దారులు మూడు. మొదటి దారిలో చెయ్యే పెద్ద: మ్యాగజైన్‌ను ఒక నిర్ణీత ఫ్రేమ్‌లో తుపాకీ నుంచి విడదీసి ఎడమ చేతి సాకెట్‌కు, అంటే వస్తువులు తగిలించడానికి బోన్ మీద గుర్తుపెట్టిన చోటుకు, తగిలిస్తాము, చెయ్యి ఎటు పోతే అది అటు పోతుంది. రెండో దారిలో మ్యాగజైన్ పెద్ద: దాని కదలిక తుపాకీ యానిమేషన్‌లో ఉంటుంది, ఇన్వర్స్ కైనమాటిక్స్, అంటే మనం రోజూ ఐకే అని పిలిచేది, చేతిని మొదటి నుంచి చివరి దాకా దాని వెంట లాక్కుపోతుంది. మూడో దారిలో పెత్తనం మధ్యలో రెండుసార్లు చేతులు మారుతుంది.

ఈ మూడింటిని తూచే ముందు ఒక మినహాయింపు. మీ ఆట ఫస్ట్ పర్సన్ అయి, తెరమీద కనిపించేది రెండు చేతులూ తుపాకీ మాత్రమే అయి, ప్రతి తుపాకీకీ విడిగా రీలోడ్ చేసిపెట్టే యానిమేటర్ మీకుంటే, ఈ మూడూ మీకు అక్కర్లేదు. తుపాకీ బోన్లనూ మ్యాగజైన్ బోన్‌నూ చేతుల అస్థిపంజరంలోనే కలిపి, యానిమేటర్ చూసినదాన్ని చూసినట్టే ఎగుమతి చేసుకోవడం కంటే మంచి పద్ధతి లేదు. మా అవస్థ వేరు. థర్డ్ పర్సన్ ఆట, పదకొండు తుపాకులు, యానిమేటర్ ఒక్కరు. రైఫిళ్లన్నిటికీ ఒకే రీలోడ్ క్లిప్ పంచాలి, కానీ ఒక్కొక్క తుపాకీలో మ్యాగజైన్ ఉండే చోటు నాలుగైదు సెంటీమీటర్లు ముందుకో వెనక్కో జరుగుతుంది. ఐకే అవసరం ఇటువంటి చోటే పుడుతుంది.

క్లిప్‌ను ముక్కలుగా చూస్తే

మా రైఫిల్ రీలోడ్ 2.2 సెకన్లు. సెకనుకు 30 ఫ్రేముల చొప్పున యానిమేటర్ 66 ఫ్రేముల్లో చేశారు. 12వ ఫ్రేమ్‌కు ఎడమ చెయ్యి ముందు పట్టును వదిలి మ్యాగజైన్‌ను పట్టుకుంటుంది. 12 నుంచి 18 వరకు మ్యాగజైన్ తన గూటిలోంచి తిన్నగా 6 సెం.మీ. కిందికి జారుతుంది. 18 నుంచి 27 వరకు చెయ్యి దానితో నడుము దగ్గరికి పోతుంది, ఇది దాదాపు 45 సెం.మీ. దారి. అక్కడ శరీరం చాటున పాతది పోయి కొత్తది వస్తుంది. 46వ ఫ్రేమ్‌కు కొత్త మ్యాగజైన్ గూటి అంచుకు చేరి, 52కు లోపల కూర్చుంటుంది. మిగిలిన ఫ్రేముల్లో చెయ్యి తన పాత పట్టుకు తిరిగి వస్తుంది.

సిలిండర్ పోలికతో చూస్తే, 12 నుంచి 18 వరకూ 46 నుంచి 52 వరకూ పెత్తనం గూటిది, అంటే తుపాకీది. ఆ మధ్యనున్న గాలి ప్రయాణమంతా చేతిది. ఏకే తరహా తుపాకుల్లో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ మ్యాగజైన్ తిన్నగా దిగదు. ముందు అంచును ముందుగా కొక్కేనికి తగిలించి, ఆ ఆధారం మీద వెనక భాగాన్ని పైకి ఊపి బిగించాలి. ఆ వంపు కదలిక తుపాకీ నిర్మాణం నుంచి పుట్టినది కనుక దాన్ని తుపాకీ క్లిప్‌లోనే పెట్టాలి తప్ప, పంచుకున్న చేతి క్లిప్‌లో పెడితే తక్కిన తుపాకులన్నీ అకారణంగా ఊగుతాయి.

చెయ్యి పెద్దైతే

మొదటి దారి చవక. పాత్ర రీలోడ్ క్లిప్‌ను నడిపే మాంటేజ్‌లో ఒక నోటిఫై, అంటే ఫలానా సమయానికి కోడ్‌ను పిలిచే గుర్తు, పెట్టి, అది మోగిన చోట మ్యాగజైన్‌ను `hand_l` మీది సాకెట్‌కు `AttachToComponent` తో తగిలిస్తే పని అయిపోతుంది. చెయ్యీ మ్యాగజైనూ ఒకే అస్థిపంజరం మీద కదులుతాయి కాబట్టి గాలిలో వాటి మధ్య సందు రావడానికి వీలే లేదు. ఒకటి రెండు తుపాకులే ఉండి, వాటి క్లిప్పులు వాటికే ఉంటే నేను ఇప్పటికీ దీన్నే ఎంచుకుంటాను.

ఇబ్బంది రెండు చోట్ల వస్తుంది. మొదటిది తగిలించే క్షణం. నోటిఫై సరిగ్గా తన సమయానికి మోగదు, ఆ సమయం దాటిన తరవాత వచ్చే మొదటి ఫ్రేమ్‌లో మోగుతుంది. 30 ఫ్రేముల మీద నడిచే ఫోన్‌లో ఇది 33 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం కావచ్చు. `SnapToTargetNotIncludingScale` నియమంతో తగిలిస్తే ఆ ఆలస్యంలో కూడిన తేడా అంతా ఒక్క కుదుపుగా బయటపడుతుంది. `KeepWorldTransform` తో తగిలిస్తే కుదుపు ఉండదు, మ్యాగజైన్ చేతిలో కాస్త అటూ ఇటూగా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. అందుకే పాత మ్యాగజైన్‌కు రెండో నియమం, నడుము చాటున చేతిలోకి వచ్చే కొత్తదానికి మొదటి నియమం వాడడం మేలు. అక్కడ కుదుపు వచ్చినా చూసేవారు లేరు, పైగా కొత్తది చేతిలో ఖచ్చితంగా కూర్చుంటుంది.

రెండో ఇబ్బందికి ఈ దారిలో మందు లేదు. పంచుకున్న క్లిప్‌లో చెయ్యి ఒకే చోటికి వస్తుంది, గూడు మాత్రం తుపాకీ తుపాకీకీ మారుతుంది. మా పొట్టి కార్బైన్‌లో కొత్త మ్యాగజైన్ గూటికి 4 సెం.మీ. ముందు, గట్టి ఇనుములోంచి దూరి లోపలికి పోయేది.

మ్యాగజైన్ పెద్దైతే

రెండో దారి ఆ జబ్బును నయం చేస్తుంది. తుపాకీ అస్థిపంజరంలోని `mag` బోన్ మీద `mag_grip` అనే సాకెట్ పెట్టి, దాని స్థానాన్ని చేతి ఐకేకు గమ్యంగా ఇస్తాము. గూడు ఎక్కడుంటే చెయ్యి అక్కడికే పోతుంది.

ఈ సాకెట్‌ను పెట్టడంలో కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు ఒకటుంది, నేనూ చేశాను. సాకెట్‌ను మ్యాగజైన్ ఉపరితలం మీద, అరచెయ్యి ఆనాల్సిన చోట పెడతారు. కానీ `hand_l` బోన్ మూలం అరచేతిలో లేదు, మణికట్టులో ఉంది. ఫలితంగా మణికట్టు వచ్చి మ్యాగజైన్‌కు అతుక్కుంటుంది, వేళ్లు అవతలి వైపు నుంచి పొడుచుకొస్తాయి. కంటితో జరుపుకుంటూ కూర్చోవడం కంటే, యానిమేటర్ చక్కగా పట్టుకున్న ఫ్రేమ్ ఒకటి తీసుకుని, `mag` బోన్‌కు సాపేక్షంగా `hand_l` ఎక్కడుందో లెక్కించి ఆ అంకెలనే సాకెట్‌కు ఇవ్వడం ఉత్తమం. వేళ్ల సంగతి ఐకే చూసుకోదు. సన్నని మ్యాగజైన్‌కూ డ్రమ్ముకూ వేళ్ల భంగిమలు విడిగా ఇవ్వాల్సిందే.

గమ్యాన్ని ఏ స్థలంలో చెబుతున్నామన్నది ఇంకా ముఖ్యం. తుపాకీ కుడి చేతికి తగిలి ఉంది. తగిలించినప్పుడే ఇంజిన్ బిడ్డ కాంపొనెంట్‌ను తల్లి తరవాత టిక్ అయ్యేలా, అంటే ప్రతి ఫ్రేమ్‌లో తల్లి లెక్క అయ్యాకే తన లెక్క వేసుకునేలా, ఏర్పాటు చేస్తుంది కనుక, పాత్ర తన భంగిమ లెక్క వేసుకునే వేళకు తుపాకీ ఇంకా గత ఫ్రేమ్‌లోనే ఉంటుంది. ఆ స్థానాన్ని వరల్డ్ స్పేస్‌లో తీసుకుంటే, పాత్ర పరుగెడుతున్నంతసేపూ ఎడమ చెయ్యి తుపాకీకి వెనకబడి వణుకుతుంది. టిక్ క్రమాన్ని తిరగేద్దామంటే కుదరదు, తుపాకీ పాత్ర కోసం, పాత్ర తుపాకీ కోసం ఎదురుచూసే చక్రం అవుతుంది. విరుగుడు ఏమిటంటే గమ్యాన్ని కుడి చేతికి సాపేక్షంగా చెప్పడం. రెండూ గత ఫ్రేమ్‌వే కాబట్టి శరీరం కదలిక వల్ల వచ్చే తేడా రద్దయిపోతుంది.

```cpp
const FTransform Mag   = WeaponMesh->GetSocketTransform(TEXT("mag_grip"));
const FTransform HandR = CharMesh->GetSocketTransform(TEXT("hand_r"));
LeftHandTarget = Mag.GetRelativeTransform(HandR);
```

దీన్ని `NativeUpdateAnimation` లో లెక్కించి, యానిమ్ గ్రాఫ్‌లో మూడు నోడ్లు వరుసగా పెడతాము. మొదట `Copy Bone` తో `hand_r` ను `ik_hand_gun` మీదికి తెస్తాము. తరవాత `Transform (Modify) Bone` తో `ik_hand_l` ను దాని తల్లి బోన్ స్థలంలో ఈ విలువ దగ్గర ఉంచుతాము. చివరగా `Two Bone IK` కు `ik_hand_l` ను గమ్యంగా ఇచ్చి `Take Rotation from Effector Space` ను ఆన్ చేస్తాము. ఈ నోడ్‌కు తిప్పుడు విలువను నేరుగా ఇచ్చే పిన్ లేదు కాబట్టే ఇంత చుట్టుదారి. ఇది తెలియక చాలామంది చెయ్యి స్థానం సరిపోయి మణికట్టు మాత్రం మెలితిరిగిన దశలో ఆగిపోతారు.

శరీరం వల్ల వచ్చే వెనకబాటు పోయింది కానీ, తుపాకీకి సాపేక్షంగా మ్యాగజైన్ చేసే కదలికలో ఒక ఫ్రేమ్ వెనకబాటు అలాగే ఉంటుంది. అది ఎంత అన్నదే ఎంపికను తేల్చే లెక్క. గూటిలో మ్యాగజైన్ 6 సెం.మీ. దారిని 0.2 సెకన్లలో జారుతుంది, అంటే సెకనుకు 30 సెం.మీ. సెకనుకు 60 ఫ్రేముల దగ్గర ఒక ఫ్రేమ్ వెనకబాటు అర సెం.మీ., 30 దగ్గర ఒక సెం.మీ. వేళ్ల మందంలో అది కలిసిపోతుంది. గాలిలో 45 సెం.మీ. దారిని 0.3 సెకన్లలో దాటుతుంది, అంటే సెకనుకు 150 సెం.మీ. ఇక్కడ వెనకబాటు 60 ఫ్రేముల దగ్గర రెండున్నర సెం.మీ., 30 దగ్గర 5 సెం.మీ. మ్యాగజైన్ తనంతట తాను ఎగిరిపోతుంటే చెయ్యి దాన్ని తరుముతున్నట్టు కనిపిస్తుంది. దీనికి తోడు నడుము దగ్గర గమ్యం చేతికి అందనంత దూరమైతే మోచెయ్యి కర్రలా బిగుసుకుని, మళ్లీ దగ్గరికి రాగానే ఒక్కసారిగా విరుచుకుంటుంది.

ఈ వెనకబాటును పట్టుకోవడంలో మేము వారం రోజులు పోగొట్టుకున్నాము. పరీక్షలు చేసే అమ్మాయి తన ఫోన్‌లో చూసి "చెయ్యి వెనకబడుతోంది అన్నా, చూసుకోండి" అని రోజూ చెప్పేది. మా ప్రోగ్రామర్, అనంతపురం కుర్రాడు, `slomo 0.1` కొట్టి వేగం పదో వంతుకు తగ్గించి, భూతద్దం పెట్టినట్టు చూసి "వెంట్రుకంత సందు కూడా లేదన్నా" అనేవాడు. ఇద్దరి మాటా నిజమే. స్లో మోషన్‌లో ఒక్కొక్క ఫ్రేమ్‌కు మ్యాగజైన్ కదిలే దూరమూ పదో వంతే అవుతుంది, కాబట్టి రెండున్నర సెం.మీ. సందు రెండున్నర మిల్లీమీటర్లై మాయమవుతుంది. లోపాన్ని వెతికే సాధనమే దాన్ని దాచేసింది. సాయంత్రం కాఫీకి కిందికి దిగినప్పుడు ఆ అమ్మాయి ఫోన్‌నీ మా డెస్క్‌టాప్‌నీ పక్కపక్కన పెట్టి చూశాకే ఫ్రేమ్ రేటు మీద అనుమానం వచ్చింది. అప్పటి నుంచి మేము దీన్ని తిరగేసి వాడుతున్నాము. `t.MaxFPS 15` కొట్టి ఫ్రేమ్ రేటును 15 దాటకుండా ఆపి చూసినప్పుడు సందు పెరిగితే అది ఫ్రేమ్ వెనకబాటు, ఫ్రేమ్ రేటు ఎంతున్నా సందు అంతే ఉంటే సాకెట్ తప్పుచోట ఉంది.

పెత్తనం చేతులు మారితే

అంకెలు చూశాక మూడో దారి దానంతటదే తేలుతుంది: గూటి దగ్గర మ్యాగజైన్ పెద్ద, గాలిలో చెయ్యి పెద్ద. మేము చివరికి ఎంచుకున్నది ఇదే. క్లిప్పులు పంచుకునే తుపాకులు మూడు దాటితే మీకూ నేను చెప్పేది ఇదే.

ఇందులో మ్యాగజైన్‌ను తుపాకీ మెష్‌లో కలపకుండా విడి మెష్‌గా ఉంచి, మామూలు వేళల్లో `mag` బోన్‌కు తగిలిస్తాము. తుపాకీ క్లిప్‌లో ఆ బోన్ 6 సెం.మీ. మాత్రమే కిందికి జారి, అక్కడే ఆగి, 46వ ఫ్రేమ్ నుంచి తిరిగి పైకి పోతుంది. గాలి ప్రయాణం తుపాకీ క్లిప్‌లో ఉండనే ఉండదు. ఐకే బలాన్ని పాత్ర క్లిప్‌లోని ఒక కర్వ్ నడుపుతుంది. 8వ ఫ్రేమ్ నుంచి 12కు సున్నా నుంచి ఒకటికి ఎక్కుతుంది, 18 నుంచి 22కు మళ్లీ సున్నాకు దిగుతుంది, 42 నుంచి 46కు ఎక్కుతుంది, 52 తరవాత దిగుతుంది. 18వ ఫ్రేమ్‌లో మ్యాగజైన్ చేతికి మారుతుంది. ఐకే తగ్గుతున్న ఆ నాలుగు ఫ్రేముల్లో గమ్యం తుపాకీ కింద నిశ్చలంగా ఉంటుంది కనుక చెయ్యి మెత్తగా యానిమేటర్ గీసిన దారిలోకి జారుకుంటుంది, చేతిలోని మ్యాగజైన్ దానితో పాటు పోతుంది.

ఒక తప్పు మాత్రం చేయవద్దు. `mag_grip` సాకెట్‌ను బోన్ మీద కాక మ్యాగజైన్ మెష్ మీదే పెట్టుకోవడం సహజంగా తోస్తుంది, మొదట్లో మాకూ అలాగే తోచింది. కానీ మ్యాగజైన్ చేతికి తగిలిన మరుక్షణం చేతి గమ్యం చేతిలోనే ఉంటుంది. చెయ్యి మ్యాగజైన్ వెంట, మ్యాగజైన్ చెయ్యి వెంట పోతూ, సాకెట్‌లో ఉన్న ఏ చిన్న తేడా అయినా ప్రతి ఫ్రేమ్‌కూ కూడుతూ పోతుంది. మా పాత్ర చెయ్యి ఎవరో పిలిచినట్టు మెల్లగా ఆకాశం వైపు తేలిపోయేది. చెయ్యి ఇలా ఒకే దిక్కుకు పాకుతూ పోతుంటే కారణం కోసం వేరే వెతకనక్కర్లేదు.

తిరిగి గూటిలో పెట్టేటప్పుడు పని కొంచెం సున్నితం. 46వ ఫ్రేమ్‌కు పంచుకున్న క్లిప్ చేతిని తీసుకొచ్చే చోటూ ఆ తుపాకీ గూడూ ఒకటి కావు. మ్యాగజైన్‌ను `KeepWorldTransform` తో `mag` బోన్‌కు తగిలించి, అప్పుడు దానికి మిగిలిన సాపేక్ష తేడాను 0.1 సెకన్లలో సున్నాకు కరిగిస్తాము. మా కార్బైన్ 4 సెం.మీ. తేడా ఇక్కడే మాయమవుతుంది. అయితే ఐకే అప్పటికే దాదాపు పూర్తి బలానికి వచ్చి ఉండాలి, లేకపోతే మ్యాగజైన్ చేతిలోంచి జారి తనంతట తాను గూటిలోకి దూకినట్టుంటుంది. తేడా 8 సెం.మీ. దాటిన తుపాకీకి ఈ కరిగింపు పనిచేయలేదు, కళ్లకు తెలిసిపోయింది. మ్యాగజైన్ ట్రిగ్గర్ వెనక ఉండే మా బుల్‌పప్ అలాంటిది. దానికి విడిగా క్లిప్ చేయించక తప్పలేదు.

చివరగా, మూడో దారికి మూల్యం ఒకటుంది. రీలోడ్ మధ్యలో ఆటగాడు తుపాకీ మార్చినా, దెబ్బ తిని పడిపోయినా, మ్యాగజైన్ ఎవరి దగ్గరుందో తెలియని స్థితి ఏర్పడుతుంది. 18 దగ్గర ఒక నోటిఫై, 46 దగ్గర ఇంకొకటి పెట్టుకుంటే, మధ్యలో ఆగిన రీలోడ్‌కు రెండోది ఎప్పటికీ మోగదు, పాత్ర ఎడమ చేతిలో మ్యాగజైన్‌తో మైదానమంతా తిరుగుతుంది. ఆ రెంటి బదులు 18 నుంచి 46 వరకు ఒకే `AnimNotifyState` పరచండి. మాంటేజ్ మధ్యలో తెగినా దాని `NotifyEnd` పిలుపు వస్తుంది. అక్కడ మాంటేజ్ ఇంకా నడుస్తోందో లేదో చూసి, నడుస్తుంటే కరిగింపుతో, తెగిపోయి ఉంటే నేరుగా `SnapToTargetNotIncludingScale` తో మ్యాగజైన్‌ను `mag` బోన్‌కు తిరిగి అప్పగించాలి. తుపాకీ మెష్ మీద నడుస్తున్న దాని సొంత క్లిప్‌ను కూడా అదే చోట ఆపాలి. ఇది మరిచిపోతే పాత్ర మామూలుగా నిలబడి ఉండగా మ్యాగజైన్ ఒక్కటే 6 సెం.మీ. కిందికి జారి, సెకను తరవాత తానే పైకెక్కి కూర్చుంటుంది.